చిన్ను పెట్టిన పేరు

ప్రవీణ ఎడమ అరచేతిలో ఆ చిన్న డబ్బీని పెట్టుకుని బొటనవేలితో మూత ఎత్తింది. లోపల రెండు ఇయర్‌బడ్స్ వాటి గుంటల్లో సరిగ్గానే కూర్చుని ఉన్నాయి. డబ్బీ ముందు భాగంలో గింజంత తెల్ల లైటు వెలిగి ఆరుతోంది, వెలిగి ఆరుతోంది. మూత వేసింది. కాసేపాగి మళ్లీ తీసింది. అదే లైటు, అదే తీరు. ఏదైనా కొత్త ఫోన్ వచ్చి కలుస్తుందేమోనని ఎదురుచూస్తున్నట్టు మెరుస్తూనే ఉంది.

"ఎప్పటి సంది గిట్ల మెరుస్తున్నదమ్మా?" అని అడిగింది తలెత్తకుండా.

"బోనాలయినంక మొదలైంది బిడ్డా. అంతకు ముందు మూత తీస్తే జరసేపు వెలిగి ఆరిపోయేది. ఇప్పుడు ఆరుతలేదు," అంది కౌంటరు అవతల నిలబడ్డ ఈరమ్మ.

ఆమె పక్కన భర్త మల్లయ్య స్టూలు మీద కూర్చున్నాడు. తెల్లాపూర్‌లో ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీకి కాపలా డ్యూటీ. రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. యూనిఫాం చొక్కా పై గుండీలు విప్పుకుని ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మా గేటు కాడ ఉండే యశ్వంత్ అనేటాయన చూసిండు," అన్నాడు. "నా ఫోన్‌కు తగిలించిండు. తగిలింది. డబ్బీ మూసి మళ్ల తీస్తే మళ్ల ఇదే కత. ఇగ కాదు పడేయ్ అన్నడు."

"ఆయనెవరు పడేయమననీకి?" అంది ఈరమ్మ.

"నేనేమన్న పడేసిన్నా? నిద్ర ఇడిసిపెట్టి నీ ఎంబడి వస్తిగద."

ప్రవీణ ఆ మాట పట్టుకుంది. కొత్త ఫోన్‌కు తగిలింది, మూత మూసి తీసేసరికి మరిచిపోయింది. అంటే తప్పు ఫోన్‌లో లేదు. ఆమె డబ్బీని పక్కన పెట్టి, టేబుల్ లైటు దగ్గరికి లాగింది.

నార్సింగిలో పాత ఊరి వైపు సందులో ఆ షట్టర్ ఉంటుంది. ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడితే నిండిపోతుంది. ప్రవీణ నారాయణఖేడ్ పక్క నుంచి పెళ్లయి ఇక్కడికి వచ్చింది. భర్త సురేష్ కారు నడుపుతాడు. మొదట్లో ఆమె కోకాపేట పోయే రోడ్డు పక్కన మడత బల్ల వేసుకుని ఫోన్లకు స్క్రీన్ గార్డులు అతికించేది. బుడగ రాకుండా అతికించడం వచ్చేసరికి ఎండాకాలం అయిపోయింది. ఆ తర్వాత చచ్చిపోయిన ఫోన్లు కొని, రాత్రి వంట అయ్యాక విప్పి చూసేది. ఎవరూ నేర్పలేదు. ఏ స్క్రూ ఎక్కడిదో మరిచిపోకుండా థర్మాకోల్ ముక్క మీద ఫోన్ బొమ్మ గీసి, ఏ చోటి స్క్రూని ఆ చోటే గుచ్చిపెట్టడం ఆమే కనిపెట్టుకుంది. ఇప్పటికీ అలాగే చేస్తుంది. ఆ సందులో డెలివరీ పిల్లలు, హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు, హాస్టళ్లలో ఉండే సాఫ్ట్‌వేర్ పిల్లలు అందరూ ఆమె దగ్గరికే వస్తారు. పని జరుగుతున్నప్పుడు ఆమె వస్తువు గురించి తప్ప ఇంకేమీ అడగదు. మనుషుల సంగతులు వాటంతట అవే వస్తాయని ఆమెకు తెలుసు.

"దీన్ని ఏ ఫోన్‌తో వాడుతరమ్మా?"

ఈరమ్మ చంకలో సంచి తెరిచింది. అందులో చేతిరుమాలు, అందులో ఒక ఫోన్. రుమాలు నాలుగు వైపులా విప్పి, ఫోన్‌ని రెండు చేతులతో కౌంటరు మీద పెట్టింది. ఒక మూల అద్దం పగిలి ఉంది. చార్జింగు నిండుగా ఉంది.

"ఈ ఫోన్‌తోనే. దీంతోనే కలవాలె. వేరే ఫోన్ వద్దు."

"పాటలు వినేటప్పుడు ఆగి ఆగి వచ్చేదా, లేకపోతే ఒకేసారి పోయిందా?"

"పాటలేం ఇనం బిడ్డా."

ప్రవీణ అప్పుడు తలెత్తింది.

"ఇది మా చిన్నుగానిది," అంది ఈరమ్మ. "సాయిచంద్. ఆఫీసు బిల్డింగుల ఏసీలు చూసేటోడు, గచ్చిబౌలి దిక్కు. పోయిన వానకాలం జ్వరమొచ్చింది. దవాఖానకు తన కాళ్ల మీద తనే నడుచుకుంట పోయిండు. బండి స్టాండ్ కూడ తనే ఏసిండు. మళ్ల రాలే."

సందులో నీళ్ల ట్యాంకరు వెనక్కి వస్తూ పీ పీ మని మోగింది. మల్లయ్య తల వంచుకుని బూటు లేసు సరిచేసుకున్నాడు.

ఈరమ్మ చెప్పింది. ఆమె హౌస్‌కీపింగ్ పనికి పోయేముందు తలమీద నీళ్లు పోసుకుని, కొడుకు ఫోటో ముందు ఈ ఫోన్ పెడుతుంది. పక్కన డబ్బీ పెట్టి మూత తీస్తుంది. లైటు వెలిగి ఆరుతుంది. ఆరగానే ఫోన్ మీద ఒక వరుస వస్తుంది. వీటికి వాడు పెట్టిన పేరు ఉన్న వరుస. అది చూసి మూత వేసి పనికి పోతుంది. అంతే. వేరే ఏమీ చేయదు.

"ఏం పేరమ్మా అది?"

"అమ్మ తిట్లు." ఈరమ్మ నవ్వబోయి ఆపుకుంది. "అట్ల పేరు పెట్టిండు వెధవ. ఎప్పుడు చూసినా చెవులల్ల ఇవే. పిలిస్తే పలికేటోడు కాదు. ఒకనాడు బాగ తిట్టిన. నా మాట చెవికెక్కదు, గవి మాత్రం ఎక్కుతయి అని. ఆ పొద్దే ఫోన్‌ల పేరు మార్చి నాకు చదివి చూపించిండు. చూడు అమ్మా, ఇగ నీ తిట్లే చెవుల పెట్టుకొని తిరుగుత, అన్నడు. నాకు సదువు రాదు గని ఆ అక్షరాలు గుర్తువడుతయి. ఎట్ల ఉంటయో తెలుసు."

"రోజు అది చూసి ఏడుస్తది," అన్నాడు మల్లయ్య. "పైసా పని లేదు, పాట లేదు. ఖాళీ డబ్బ తెరుసుడు, మూసుడు. గేటు కాడ మావోళ్లు నవ్వుతరు."

"నవ్వనియ్. నువ్వు రాత్రిపూట ఫోన్‌కు చార్జింగు పెట్టి పోతవు గద, అది చెప్పినవా నీ గేటోళ్లకు?"

మల్లయ్య స్టూలు కౌంటరు దగ్గరికి జరుపుకున్నాడు.

ప్రవీణ ఫోన్ వెలిగించింది. తాళం పడి ఉంది. మల్లయ్య లేచి వచ్చి, వేలితో తెర మీద గీత గీశాడు. "వాడు నా ముందలనే గీస్తుండె," అన్నాడు. "ఎన్నడు చేయి అడ్డం పెట్టలే."

సెట్టింగ్స్‌లో బ్లూటూత్ తెరిచింది. పాత జతల్లో ఒక స్పీకరు, ఏదో ఆఫీసు టీవీ, దాని కింద అది ఉంది. అమ్మ తిట్లు. సేవ్ అయింది అని మాత్రం చూపిస్తోంది. ప్రవీణ దాన్ని నొక్కింది. కనెక్ట్ అవుతోంది అని వచ్చింది. డబ్బీ మీద లైటు మెరుస్తూనే ఉంది. కాసేపటికి కనెక్ట్ కాలేదని తేలింది. బ్లూటూత్ ఆపి మళ్లీ పెట్టింది. ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేసింది. మళ్లీ నొక్కింది. కాలేదు.

"ఫోన్‌కు ఇవి యాదున్నయమ్మా. ఇవి ఫోన్‌ను మరిచిపోయినయి," అంది. "మొదటిసారి జత కలిపినప్పుడు ఇటు ఒక తాళంచెవి, అటు ఒక తాళంచెవి తయారయితయి. రెండు ఒక్క జత. ఇయర్‌బడ్స్ దగ్గరిది చెరిగిపోయింది. ఫోన్ పాత తాళంచెవి పట్టుకొనే పిలుస్తున్నది. ఇవి పలుకుతలేవు."

"ఎట్ల చెరిగిపోయింది?"

"చూస్త ఉండమ్మా."

డబ్బీని తిప్పి, వెనుక వైపు భూతద్దం కింద పెట్టింది. అక్కడ ఒక గుండ్రటి బటన్ ఉంటుంది. మూత తీసి దాన్ని కాసేపు నొక్కితే ఇయర్‌బడ్స్ కొత్త ఫోన్ కోసం వెతుకుతాయి. ఇంకా ఎక్కువసేపు నొక్కి పట్టుకుంటే లోపల ఉన్న పాత జతలన్నీ చెరిపేస్తాయి. మామూలుగా ఆ బటన్ డబ్బీ ఒంటికి సమానంగా ఉంటుంది. ఇది కొద్దిగా లోపలికి కుంగి ఉంది. గోరుతో నొక్కి చూసింది. నొక్కిన చప్పుడు రాలేదు. అది నొక్కుకునే ఉంది. ఎవరో వేలు తీయకుండా పట్టుకున్నట్టు.

మూత తీసిన ప్రతిసారీ అందుకే ఇవి కొత్త ఫోన్ కోసం వెతుకుతున్నాయి. మూత ఇంకాసేపు తెరిచి ఉంచితే ఉన్నది కూడా చెరిపేసుకుంటున్నాయి. యశ్వంత్ కలిపిన జత నిలబడకపోవడం కూడా దీనివల్లే.

ఇయర్‌బడ్స్ రెండూ తీసి పక్కన పెట్టింది. సన్న పుల్లకి దూది చుట్టి, సర్క్యూట్లు కడిగే స్పిరిట్‌లో ముంచి, బటన్ అంచు చుట్టూ నెమ్మదిగా తిప్పింది. దూది ఎర్రబడింది. ఇంకో పుల్ల తీసింది. అదీ ఎర్రబడింది. అంచు సందులో గట్టిపడి ఉన్నది ముక్కలుగా ఊడుతోంది.

కుంకుమ. తడిపి పెట్టిన కుంకుమ.

ప్రవీణకు అర్థమైంది. ఫోటోకు బొట్టు పెట్టిన వేలితోనే ఈరమ్మ దీనికీ పెట్టింది. ఎక్కడ పెట్టాలో వెతుక్కునే పని లేకుండా, బొట్టు పెట్టడానికే చేసినట్టు గుండ్రటి చోటు ఒకటి కనిపించింది. రోజూ తడిగుడ్డతో పాతది తుడిచి, మళ్లీ కొత్తది పెట్టింది. ఒక్కో రోజు వేలు కాసేపు అలాగే ఆనించి ఉంటుంది కూడా. తడి ఆరి కుంకుమ రాయిలా అయ్యి బటన్‌ను కిందే పట్టేసింది. కొడుకు ఫోన్‌ను వాటి లోపల నుంచి చెరిపింది ఈ చేయే.

ప్రవీణ ఎర్రబడ్డ దూదిని అరచేతిలో మూసుకుంది. కానీ మల్లయ్య అప్పటికే చూశాడు. దూది వైపు చూశాడు, బటన్ వైపు చూశాడు, పెళ్లాం వేలి వైపు చూశాడు. ఉంగరపు వేలి కొన మీద పొద్దుటి ఎరుపు ఇంకా ఉంది. ఏసీ పని చేసిన కొడుకు ఇంట్లో ఫ్యాను విప్పినా, రిమోటు విప్పినా పక్కన కూర్చుని చూసిన మనిషి. బటన్ పట్టేయడం అంటే ఏమిటో ఆయనకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

"ఏమైందట బిడ్డా? ఎట్ల చెరిగిందట?" అని మళ్లీ అడిగింది ఈరమ్మ.

ప్రవీణ నోరు తెరిచేలోపు మల్లయ్య అన్నాడు, "నేనే. కింద పడేసిన."

"ఏంది?"

"బోనాల ముందల. నువ్వు నీళ్ల కాడ ఉన్నప్పుడు. టేబుల్ మీదికెల్లి జారింది. చెప్తే తిడుతవని చెప్పలే."

ఈరమ్మ ఆయన వైపు పూర్తిగా తిరిగింది. "ఎంత పని చేసినవయ్యా! ఇన్ని దినాల సంది నా మొగుడే చేసి, నా మొగుడే యశ్వంత్ కాడికి తీస్కపోయి, నా మొగుడే పడేయమన్నడని వచ్చి చెప్తడు! నోట్లె నాలిక లేదా నీకు? పాపిష్టి చేతులు. ఒక్కటి సక్కగ పట్టుకోరాదు. వానిది ఒక్కటంటె ఒక్కటి మిగిలింది ఇంట్ల కదిలేది, వెలిగేది. దాన్ని కూడ..."

ఈరమ్మ కొంగుతో నోరు మూసుకుంది.

"అవునే. తప్పయింది," అన్నాడు మల్లయ్య. తిట్లు అయిపోయేదాకా నిలబడి విన్నాడు. తర్వాత ప్రవీణ వైపు చూసి తల చిన్నగా ఆడించాడు. వద్దు అన్నట్టు.

ప్రవీణ దూదిని చెత్తబుట్టలో వేసింది. బటన్ ఇప్పుడు పైకి వచ్చింది. గోరుతో నొక్కితే టక్కుమంటోంది, వదిలితే లేస్తోంది. బ్లోయర్‌తో చల్లగాలి పట్టి ఆరనిచ్చింది. ఇయర్‌బడ్స్ అడుగున ఉన్న చార్జింగు పిన్నులు కూడా తుడిచింది. అక్కడా కొద్దిగా ఎరుపు ఉంది. అది కూడా ఎవరికీ చూపించలేదు.

"డబ్బీ బాగయిందమ్మా. ఇప్పుడు కొత్తగ జత చేస్తే నిలబడుతది. గని ఒక మాట చెప్పాలె." ఆమె ఫోన్‌ని ఈరమ్మ వైపు తిప్పింది. "ఫోన్‌ల ఉన్న పాత జతను తీసేయాలె. అది ఉన్నంతసేపు పాత తాళంచెవే తీస్తది, ఇవి ఒప్పుకోవు. తీసేస్తే దాంతో పాటు ఆ పేరు కూడ పోతది. కొత్తగ కలిసినంక కంపెనీ పెట్టిన పేరు వస్తది."

"పేరే గద," అన్నాడు మల్లయ్య. "మళ్ల రాయొచ్చు."

"రాయొచ్చు," అంది ప్రవీణ.

"వాడు రాస్తడా?" అంది ఈరమ్మ.

సందులో ట్యాంకరు పైపు తీసి ఎవరింట్లోనో సంపులోకి వదిలారు. నీళ్లు పడుతున్న చప్పుడు.

"ఆ పేరు ఉంచి కలుపనీకి రాదా బిడ్డా? ఏదన్న ఉపాయం?"

"ఉంటే చేస్తనమ్మా. ఇందాకనే మూడు తీర్ల చూసిన. రాదు. రెండు దిక్కుల తుడిస్తేనే మొదటి నుంచి కలుస్తయి. ఒక్క దిక్కు తుడిస్తే గిట్ల మెరుసుకుంటనే ఉంటయి."

ఈరమ్మ ఫోన్ తెర వైపు చాలాసేపు చూసింది. కంటికి దగ్గరగా పెట్టుకుంది. ఆ అక్షరాలు ఆమెకు చదువు కాదు, ముఖం. తెర ఆరిపోబోతుంటే వేలితో తాకి మళ్లీ వెలిగించింది. మళ్లీ ఆరబోయింది. మళ్లీ తాకింది.

"ఇట్లనే ఉంచుకుంటే పేరుంటది, గని వెలగదు," అంది తనలో తాను చెప్పుకుంటున్నట్టు. "కలిపితే వెలుగుతది, గని పేరుండదు."

"అవునమ్మా."

"నువ్వేమంటవయ్యా?"

మల్లయ్య గొంతు సవరించుకున్నాడు. "పొద్దుగాల నువ్వు మూత తీస్తే లైటు ఆరుతదా లేదా అని నేను గేటు కాడ కూడ ఆలోచిస్త. ఆరలే అంటే ఆ దినమంత నీ ముఖం చూడలేను. కలుపనియ్."

ఆమె ఆయన్ని కొత్తగా చూసినట్టు చూసింది. ఫోన్‌ని కౌంటరు మీద పెట్టేసింది.

"ఫోటో తీసి పెడతనమ్మా, పేరు కనపడేటట్టు," అంది ప్రవీణ. రెండు బటన్లు కలిపి నొక్కి తెరను స్క్రీన్‌షాట్ తీసింది. గ్యాలరీలో అది వచ్చిందో లేదో తెరిచి చూపించింది. తర్వాత బ్లూటూత్‌కు తిరిగి వచ్చి, ఆ పేరు పక్కన గుర్తు మీద నొక్కింది. మర్చిపో అన్న మాట కింద వచ్చింది. ఆమె వేలు దాని మీదికి పోయి ఆగింది. "నువ్వు నొక్కుతవా అమ్మా?"

"నా చెయ్యి రాదు బిడ్డా. నాతోని కాదు. నువ్వే నొక్కు."

మల్లయ్య సందు వైపు తిరిగి నిలబడ్డాడు.

ప్రవీణ నొక్కింది. స్పీకరు ఉంది, ఆఫీసు టీవీ ఉంది. వాటి జోలికి పోలేదు. మధ్యలో ఒక వరుస లేదు, అంతే.

తర్వాత రెండో వైపు. ఇయర్‌బడ్స్ రెండూ డబ్బీలో పెట్టి, మూత తెరిచే ఉంచి, వెనుక బటన్‌ను నొక్కి పట్టుకుంది. తెల్ల లైటు మెరిసింది. వదల్లేదు. లైటు ఎర్రగా మారి గబగబా కొట్టుకుని ఆరిపోయింది. లోపల ఏవైనా పాత జతలు మిగిలి ఉన్నా అన్నీ పోయాయి. మల్లయ్య ఫోన్ అడిగి తీసుకుని, అందులో యశ్వంత్ కలిపిన జతను కూడా తీసేసింది. "లేకుంటే ఇంట్ల నీ ఫోన్ పాతదాన్నే పట్టుకొని పిలుస్తది కాకా," అని చెప్పింది. మూత మూసి, కాసేపు ఆగి తీసింది. లైటు మెరవడం మొదలుపెట్టింది. ఈసారి ఎవరూ నొక్కి పట్టుకోలేదు. ఇది మొదటిసారి కలవడానికి రావలసిన మెరుపు.

చిన్ను ఫోన్‌లో కొత్త పరికరాన్ని వెతికించింది. కంపెనీ పేరు, కొన్ని అంకెలు వచ్చాయి. నొక్కింది. జత చేయాలా అని అడిగింది. చేయమంది.

లైటు ఆరిపోయింది.

ఫోన్ మీద వరుస వచ్చింది. కనెక్ట్ అయింది. ఈరమ్మ ముందుకు వంగింది. ఆ అక్షరాలు ఆమెకు గుర్తున్న అక్షరాలు కావు. ఇంగ్లీషు, దాని పక్కన అంకెలు. అయినా కళ్లు తీయలేదు.

ప్రవీణ అక్కడితో ఆపలేదు. మూత వేసింది, తీసింది. లైటు వెలిగి, కలిసి, ఆరింది. మళ్లీ వేసింది. ఈసారి కాస్త ఎక్కువసేపు ఆగి తీసింది. మళ్లీ కలిసింది. ఎడమది తన చెవిలో పెట్టుకుని ఫోన్‌లో కీబోర్డు చప్పుడు వింది, కుడిది పెట్టుకుని వింది. రెండూ మోగుతున్నాయి. తుడిచి లోపల పెట్టింది.

"ఇక్కడ పేరు మార్చుకునే జాగ ఉంటదమ్మా. అదే పేరు నేను రాసియ్యనా? ఫోటో చూసి అచ్చం అట్లనే రాస్త."

ఈరమ్మ తల అడ్డంగా ఊపింది. "వద్దు బిడ్డా. నువ్వు రాస్తే నువ్వు రాసినట్టే ఉంటది. వానిది పోయింది. ఉన్నట్టే ఉండనియ్. వెలిగి ఆరుతున్నది గద, చాలు."

"సరే అమ్మా." ప్రవీణ డబ్బీని వెనుకకు తిప్పి బటన్ చూపించింది. "ఈ గుండ్రంగ ఉన్న కాడ తడి తగలనియ్యకు. పొడి బట్టతోనే తుడువు. బొట్టు ఫోటోకు పెట్టు. దీనికి పెట్టకు. మిషన్ లోపటికి తడి పోతే మళ్ల ఆగమయితది."

"బొట్టు పెట్టొద్దా?" అంది ఈరమ్మ.

"మిషనుకు తడి పడదంటున్నది గద," అన్నాడు మల్లయ్య వెంటనే. "నేను పడేసినంక మరీ నాజూకయింది. ఫోటోకు పెట్టు."

"నువ్వు దాని దిక్కు కూడ పోకు," అంది ఈరమ్మ. "చెయ్యి పెట్టినవంటె చూడు."

"పోను."

ప్రవీణ ఫోన్ తెర తుడిచి చేతిరుమాలు మీద పెట్టింది. డబ్బీని దాని పక్కన పెట్టింది. ఈరమ్మ రుమాలు నాలుగు కొసలు ఒకదాని మీద ఒకటి మడిచి, ముడి వేయకుండా రెండు చేతులతో తీసుకుంది.